నామినీ గడిలో ఏముందంటే

మీ సొంత విషయాలను ఆఫీసంతా చాటే సహోద్యోగి మీకున్నారా? ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు. మీ కష్టం మీరు నలభైమందికి నలభైసార్లు చెప్పుకోనక్కర్లేదు. మీకు తెలియకముందే వాళ్లందరికీ తెలిసిపోతుంది. సెలవు ఎందుకడిగారు, మొహం ఎందుకు వాడింది అని అడిగేవాళ్లే ఉండరు. ఎంత సమయం ఆదా!

నమ్మకపోతే దేవకుమారి సంగతి వినండి. ఏలూరులో చేపల మేత అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో ఆమె ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. పుట్టింది కొల్లేటికోటలో. చెరువు గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూసి మేత తగ్గించాలో పెంచాలో చెప్పగలదు. వారానికి నాలుగు రోజులు కొల్లేరు చెరువుల మీదే తిరుగుతుంది.

జూన్‌లో ఉద్యోగులందరూ గ్రూపు ఇన్సూరెన్స్ ఫారాలు కొత్తగా నింపాలన్నారు. కిందటేడు నామినీ గడిలో భర్త పేరు రాసిన దేవకుమారి, ఈసారి తల్లి మంగాయమ్మ పేరు రాసింది. ఫారాలు తీసుకునేది అడ్మిన్ సెక్షన్ రత్నం గారు. పదిన్నరకు ఫారం ఆవిడ చేతికి వెళ్లింది. ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. దేవకుమారి చేసిన పొరపాటల్లా ఆ కళ్లజోడును గమనించకపోవడమే.

పదకొండింటి టీకి, భర్త పేరు తీసేసిందని తెలిసింది. ఒంటిగంటకు క్యారియర్లు విప్పేసరికి, విడిగా ఉంటున్నారని తేలింది. నాలుగింటికి లారీకి బస్తాలెక్కించేవాళ్ల దగ్గరికి కోర్టు కేసై చేరింది. ఆఫీసు మూసేవేళకు దేవకుమారికి రెండో పెళ్లి కుదిరింది! ఏ ప్రభుత్వ శాఖలోనైనా ఫైలు ఇంత చురుగ్గా కదలగా చూశారా?

పైగా ఎన్ని లాభాలు! టీ తెచ్చేవాడు ఆవిడ గ్లాసులో చక్కెర ఎక్కువ వేయడం మొదలుపెట్టాడు. అకౌంట్స్‌లో ఒకాయన ద్వారకా తిరుమల ప్రసాదం తెచ్చి, ఎందుకో చెప్పకుండా బల్ల మీద పెట్టి వెళ్లాడు. మూడో రోజు ఆకివీడు వైపు చెరువు రైతు ఒకాయన, మేత నాణ్యత గురించి ఒక్క ముక్క అడక్కుండా, మనసు గట్టి చేసుకోమని ధైర్యం చెప్పాడు. ఆయనకు చెప్పిందెవరు? మేత బస్తాతో పాటు కబురూ వెళ్లి ఉంటుంది.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. ఆవిడ గదిలోకి రాగానే మాటలు ఆగిపోయేవి. అందరూ ఒక్కసారిగా కంప్యూటర్లలోకి తొంగిచూసేవారు. ఆమెకు సిగ్గుగా ఉండేది. తాను ఏ తప్పూ చేయకపోయినా సిగ్గుపడుతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చేది. మూడు రోజులు క్యారియర్ పట్టుకెళ్లి స్కూటర్ల షెడ్డులో కూర్చుని తింది.

నాలుగో రోజు బిల్లింగ్‌లో ఉండే పర్వీన్ వచ్చి పక్కన కూర్చుంది. టీ దగ్గర రత్నం గారు ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పింది. తాను విన్నదాన్ని ఇంకొకరికి చెప్పానని కూడా ఒప్పుకుంది. అలా ఒప్పుకున్నవాళ్లు ఆఫీసు మొత్తంలో పర్వీన్ ఒక్కతే. అందుకే దేవకుమారి ఆమె మాట నమ్మింది.

ఇక పగ తీర్చుకోవచ్చు కదా? రత్నం గారి ఇంటి గుట్లు రెండు దేవకుమారికీ తెలుసు. టీ వేళకు ఒకటి వదిలితే చాలు. కానీ ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్లింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో సంజాయిషీ రాద్దామనీ అనుకుంది. పది లైన్లు టైపు చేసి చదువుకుంది. ఒక్కొక్క లైనూ ఇంకో నాలుగు ప్రశ్నలకు తలుపు తెరిచేలా ఉంది. మొత్తం చెరిపేసింది.

చివరికి ఒకే ఒక్క వాక్యం తయారుచేసుకుంది. ఎవరు ఆరా తీసినా, అది తన ఇంటి విషయమనీ, పని గురించైతే చెబుతాననీ నవ్వు చెరగకుండా అనేది. అవునని గానీ కాదని గానీ అనేది కాదు. వారం తిరిగేసరికి అడిగేవాళ్లకు విసుగొచ్చింది. మళ్లీ అందరితో కలిసి అన్నం తినడం మొదలుపెట్టింది.

కథ ఇక్కడితో అయిపోయేదే. అయితే తాడేపల్లిగూడెం డిపోకు ఇన్‌ఛార్జి కావాలి. ఆ పోస్టు కోసం దేవకుమారి రెండేళ్లుగా ఎదురుచూస్తోంది. మేనేజరు భీమశంకరం గారు ఆమెను పిలిచి, ఎంతో ఆప్యాయంగా, ఇంట్లో ఇబ్బందులున్నప్పుడు డిపో బరువు కూడా ఎందుకని, ఆమెలాగే చెరువులు తిరిగే రాజేష్ పేరు పంపుదామనుకుంటున్నట్టు చెప్పారు. చూశారా, ఎంత దయ! ఆమె తనకు ఇబ్బంది అని ఒక్క మాట అనకుండానే, ఆమె ఇబ్బంది తీర్చేశారు.

దేవకుమారి తిన్నగా రికార్డు రూముకు వెళ్లింది. అక్కడ రత్నం గారు ఒక్కరే ఉన్నారు. నలుగురిలో కాకుండా అక్కడైతేనే మాట మాటలాగా ఉంటుందని ఆమె ఉద్దేశం.

"రత్నం గారూ, నా ఫారంలో ఉన్నది మీరు టీ దగ్గర చెప్పారండి. నేను చెప్పమనలేదు. దానివల్ల గూడెం పోస్టు నాకు పోయేలా ఉంది. ఇకమీదట నా సంగతి ఎవరితోనూ మాట్లాడకండి. జరిగింది మేనేజరు గారికి రాసిస్తున్నాను. ముందు మీతో చెప్పడం మర్యాదని వచ్చాను."

"నేనేం చెడ్డగా అన్లేదమ్మా," అన్నారు రత్నం గారు. "నిన్ను చూసి జాలేసింది, అంతే."

"ఆ జాలేదో నా దగ్గరే చూపించాల్సిందండి."

రత్నం గారు ఫైలు కట్ట తాడు విప్పారు, మళ్లీ కట్టారు. నిజం చెప్పాలంటే ఆవిడ ఆ క్షణంలో బాధపడ్డారు.

కాగితం మీద దేవకుమారి ఒక్క పేజీ రాసింది. ఏ తేదీన ఫారం ఇచ్చింది, ఎక్కడ ఎవరి ఎదుట ఏ మాట వచ్చింది, దానివల్ల పనికి కలిగిన నష్టమేమిటి. అంతే. రత్నం గారిని ఒక్క తిట్టు తిట్టలేదు. పర్వీన్ పేరు కూడా ఆమెను అడిగాకే రాసింది. చివర రెండు కోరికలు. ఉద్యోగుల సొంత ఫారాలు మూసిన కవర్లలో తీసుకోవాలి, డిపో పోస్టుకు తన పని చూసి నిర్ణయించాలి.

భీమశంకరం గారు రెండుసార్లు చదివారు. తలుపు కేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"అది సరేగానమ్మా, ఇంతకీ అసలేం జరిగింది?"

"నా టూర్ రిజిస్టరు చూడండి సార్. ఎనిమిదేళ్లదీ అందులోనే ఉంది."

ఆయన ఇబ్బందిగా నవ్వి, రిజిస్టరు తెప్పించుకున్నారు. ఏ వర్షంలో ఏ చెరువుకు వెళ్లిందీ, ఎవరి చేపలు తేలిపోతుంటే తెల్లారకముందే చేరుకుందీ అన్నీ ఉన్నాయి. సాయంత్రానికి గూడెం పోస్టుకు ఆమె పేరే పంపారు. రత్నం గారిని పిలిచి గట్టిగానే చెప్పారట. ఇప్పుడు ఆఫీసులో ఫారాలన్నీ అంటించిన కవర్లలోనే వస్తున్నాయి. ఎవరి కవరు ఎంత లావుగా ఉందో రత్నం గారు గమనిస్తూనే ఉన్నారు, పాపం పైకి మాత్రం అనడం లేదు.

కనుక పాఠకులారా, ఇవీ రత్నం గారి వల్ల కలిగిన మేళ్లు. కాకపోతే నన్నొక అనుమానం పీడిస్తోంది. ఆవిడది ఒక్క నోరు. దానితో ఆకివీడు దాకా వార్త ఎలా వెళుతుంది? టీ గ్లాసు పట్టుకుని "అవునా, తర్వాత?" అన్నవాళ్లు ఎంతమంది? రాజేష్ అన్నాడు. అకౌంట్స్ ఆయన అన్నాడు. చదువుకున్న మేనేజరు గారు ఫిర్యాదు చేతిలో పెట్టుకుని మరీ అన్నారు. అడిగితే అందరిదీ ఒకటే మాట, మేమెవరమూ గాసిప్ చేసేవాళ్లం కాదు సుమండీ, వినేవాళ్లమే!

మీ సంగతి అంటారా? పోస్టు వచ్చిందని తెలిసి సంతోషించారు, నాకు తెలుసు. అయినా ఇంకా పేజీ తిప్పలేదు. భర్త పేరు ఎందుకు తీసేసిందో ఈ నాలుగు లైన్లలోనైనా చెబుతానని చూస్తున్నారు. కాదంటే నా మీద ఒట్టు.

చెప్పను. ఆ గడిలో ఏ పేరు రాసుకుంటుందో అది ఆవిడ ఇష్టం.