లీకైన కాల్స్ కేసు

“తార్నాకలో దోమ తుమ్మితే ఏ దోమో చెప్పగల మెదడిది,” అంటూ రఘువీర్ నుదురు తట్టుకున్నాడు. “మన జట్టులో గూఢచారి ఉన్నాడు. లేదా, ఉంది.”

ఆ ‘ఉంది’ దగ్గర అతని చూపు నిరోష మీద ఆగింది.

యూనివర్సిటీ జట్ల మొబైల్ గేమ్ పోటీ తార్నాక సందులోని గేమింగ్ సెంటర్లో జరుగుతోంది. నలుగురి జట్టులో ఎక్కడ దిగాలో, ఎప్పుడు కదలాలో, ఎవరితో తలపడాలో ఒక్కరే చెప్పాలి. ఆ ఆజ్ఞనే కాల్ అంటారు. ఆ పెద్దరికం రఘువీర్‌ది. కానీ అతను ఎటు పదండి అన్నా, పక్క క్యాబిన్ జట్టు అక్కడ ముందే తుపాకులెత్తి కాచుకుని ఉంటోంది.

కాల్స్ లీకవుతున్నాయి కాబట్టి మన డిటెక్టివ్ రఘువీర్ గారు అందరి ఫోన్లలో కాల్ లిస్టులు తనిఖీ చేశారు. నిరోష ఫోన్‌లో వాళ్లమ్మ తప్ప ఎవరూ లేరు. అంత శుభ్రంగా ఉండడమే నేరానికి రుజువన్నారు. క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల నిరోష. ఆటలోనూ నోరు విప్పకుండా మ్యాపు మీద గుర్తులు పెట్టేది. వాటిని ఎవరూ చూసేవారు కారు. ఇప్పుడు కూడా నేను కాదన్నట్టు తల మాత్రం అడ్డంగా ఊపింది.

రఘువీర్ వల పన్నాడు. సెమీఫైనల్ చివరి మ్యాచ్‌కి కాల్స్ నిరోషే చెప్పాలి. తన చోట, జట్టులో అదనంగా ఉన్న స్వరూప ఆడాలి. కాల్ లీకైతే దొంగ దొరికినట్టే. తాను మాత్రం నిఘా కోసం క్యాబిన్ల వెనక సందులోకి దూరాడు.

మొదటి కాల్ ఎవరికీ వినపడలేదు. తలా ఓ దిక్కు దిగి తుపాకుల కోసం వెతుక్కున్నారు. రెండోసారి నిరోష కళ్లు మూసుకుని, కాస్త గట్టిగా చెప్పింది. వంతెన దగ్గర రెండు జట్లు కాల్చుకుంటుంటే, జట్టులోని జశ్వంత్ వాళ్ల మీద పడదామన్నాడు. రఘువీర్ ఉంటే అదే చేయించేవాడు.

“వద్దు,” అంది నిరోష. “వాళ్లను కొట్టుకోనీ. సర్కిల్ కొండ దిక్కు జరుగుతున్నది. మనం ముందుగాల ఆ ఇల్లు పట్టుకుందాం.”

ఆ ఇంట్లో వాళ్ల కోసం ఎవరూ కాచుకుని లేరు. లోపలుంటేనే ప్రాణం నిలిచే ఆ సర్కిల్ కుంచించుకుపోతుంటే, బయట చిక్కినవాళ్లు పరిగెత్తుకొచ్చి వీళ్ల కిటికీల ముందే పడ్డారు. ఆఖర్లో జశ్వంత్ ఆరుబయట కూలాడు. అందరూ ఒక్కసారే అరిచారు.

“ఒక్కలే మాట్లాడుండ్రి,” అంది నిరోష. “స్వరూపా, స్మోక్ వెయ్యి. భానూ, పొగలకెళ్లి పోయి వాన్ని లేపు. ఎడమ దిక్కు నేను చూస్త.”

పొగలోంచి జశ్వంత్ లేచాడు. మిగిలిన ఒక్క జట్టూ వాళ్ల తూటాలకు నేలకూలింది. తెర మీద గెలుపు మెరిసిన క్షణాన, సందులో నిలబడి కాళ్లు తిమ్మిరెక్కిన డిటెక్టివ్ గోడకు ఆనుకున్నాడు. అది గోడ కాదు, ప్లైవుడ్. ఫెళ్లున కూలింది. అటువైపు పక్క క్యాబిన్లో, వీళ్ల క్యాబిన్‌తో ఉన్న ప్లైవుడ్ గోడకు చెవి ఆనించి ఆ జట్టు అదనపు ఆటగాడు దొరికాడు.

“ఇయ్యాల ఏం ఇనవడలే అన్నా,” అన్నాడతను బిక్కమొహంతో. “రోజూ నువ్వు ఒర్రుతుంటివి గదా.”

నిర్వాహకులు ఆ జట్టును పోటీ నుంచి తీసేశారు. రఘువీర్ దుమ్ము దులుపుకుని, ఇదంతా తన వ్యూహమేననీ, ఫైనల్లో కాల్స్ మళ్లీ తానే చెబుతాననీ ప్రకటించాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. ముగ్గురూ నిరోష వైపే చూశారు.

ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. “అన్నా, నువ్వు ఎంట్రీ తీస్కో, అందరికంటె ముందుగాల నువ్వే జొరవడు. నేను చెప్పేదాంక కాల్చకు. మైక్ బంద్ పెట్టు.”

రఘువీర్ కూలిన ప్లైవుడ్ వైపు ఓసారి చూసి, మైక్ ఆపేశాడు.