ఉమాపతి ఈద్ ముబారక్ చెప్పిన విధము

నాగావళీ జలకణ శీతల సమీరములు వీచునదియు, రైలుపట్టాల ధూళిచే ధూసరమైనదియు, మజ్జిగౌరమ్మ చల్లని చూపు సోకునదియు, మూడు భాషలలో బేరమాడి నాలుగో భాషలో తిట్టుకొనునదియు నగు రాయగడ పట్టణమందు, చైత్ర శుద్ధ విదియనాడు, పడమటి కొండ నెత్తిన గోరంత చంద్రరేఖ పొడచూపిన సంధ్యవేళ, పురపాలక వీధిదీప సంరక్షకుడును, నిచ్చెనాధిరోహణ ధురంధరుడును, నోరు మూయుట యను విద్య నెన్నడు నభ్యసింపనివాడును అగు ఉమాపతి, ఒక మహాసంగ్రామమునకు కంకణము కట్టుకొనెను. దేనికోసమా యుద్ధము? పక్కింటివానికి పండుగ శుభాకాంక్ష చెప్పుటకోసము.

నవ్వుడు. నవ్వదగినదే. కాని పూర్వకథ వినుడు.

ఆ పక్కింటివాడు సత్తార్ మియా, దర్జీ. పదకొండేండ్లుగా వీరిద్దరిదీ ఒకే గోడ. ఉమాపతి నిచ్చెన మీదినుండి పడి కాలు విరుగగొట్టుకొన్నప్పుడు స్కూటరు మీద ఆసుపత్రికి మోసుకుపోయినవాడు సత్తారే. అట్టివానికి మన వీరుడు నిరుడు చేసిన ప్రత్యుపకారమెట్టిది? ఈద్ ఉదయమున సత్తారు స్నానమాడి, కొత్త కుర్తా తొడిగి, అత్తరు పూసికొని, మూడు ఖర్జూరములు నోట వేసికొని, పెదవులపై 'అల్లాహు అక్బర్' అను తక్బీరు మెల్లగా పలుకుచు ఈద్గా మైదానమునకు బయలుదేరగా, ఈ మహానుభావుడు వీధి కడ్డముగా నిలిచి "హ్యాపీ రంజాన్!" అని గర్జించెను. రంజాన్ నెల ముందునాటి సాయంత్రమే ముగిసినదన్న స్పృహ వానికి లేదు. ఆపైన కౌగిలింతలు. మూడు చాలునన్నచోట ఏడు! పిమ్మట సెల్ఫీలు. అటుపిమ్మట విశాఖలోనున్న బావమరిదికి వీడియో కాలు. సత్తారు మర్యాదస్థుడు, తోసివేయలేకపోయెను. ఈద్గా చేరునప్పటికి జమాతు నమాజు ముగిసి జనులు ఒకరినొకరు కౌగిలించుకొనుచుండిరి. ఈద్ నమాజు నలుగురితో చేయవలసినది. తప్పినచో ఇంటికి వచ్చి ఒంటరిగా చేసికొనునది కాదు. నెల్లాళ్లు ఉపవాసముండినవానికి పండుగ ప్రార్థనయే లేకుండా చేసిన ఘనత, వెలగని బల్బులు మార్చుట తప్ప వేరొండెరుగని మన ఉమాపతికి దక్కెను.

సత్తారు ఒక్క మాట అనలేదు. అదే ఘోరము. తిట్టిన బాగుండెడిది. నాటినుండి ఎదురుపడిన "ఆదాబ్" అని చెయ్యెత్తును, నిలువడు, సాగిపోవును. పదకొండేండ్ల స్నేహము రెండు వేళ్ల సలాముగా ఎండిపోయెను. బయటికి డంబముగా తిరిగినను, ఉమాపతికి లోలోపల అది ముల్లువలె గుచ్చుచునే యుండెను.

కావున ఈ ఏడు వాడు ఆయుధములు సమకూర్చుకొనెను. ఆఫీసులో దేబాశిష్ అను గుమాస్తా, తనకు రాని ఉర్దూను ఫోనులో చూచి నేర్పెను. ఇరువదిరెండు పదముల దీర్ఘవాక్యము! దిల్ కీ గెహరాయియోఁ సే, అనగా హృదయపు లోతులనుండి, అని మొదలై ఎచ్చట ముగియునో గురుశిష్యు లిరువురకును తెలియదు. మూడు దినములు స్తంభముల నెక్కుచు దిగుచు వాడు దానిని వల్లించెను. కింద బోవు బాటసారులు కరెంటు కొట్టినదేమోనని జాలిపడిరి.

చంద్రుడు కనబడిన ఆ సాయంకాలము ఉమాపతి పెరట నిలిచి భార్యతో నిట్లనెను: "సుబ్బులూ! రేపు సూడు నా పెతాపం. నా ఉర్దూ యిని సత్తారు భాయి కళ్లంట నీళ్లెట్టుకోకపోతే, నాను ఉమాపతినే కాను!"

సుబ్బులు బట్టలు తీయుచు గోడ మీదుగా సత్తారు భార్యను చూచి "చాంద్ ముబారక్ వదినా" అనెను. ఆమె నవ్వి "ఆప్‌కో భీ ముబారక్" అనెను. అంతే. రెండు ఊపిరుల పని.

"అయిపోనాదా?" అని వీరుడు నోరు తెరిచెను.

"అవ్వక ఏటుంటాది? నెల కనిపించిన రేత్రి చాంద్ ముబారక్. రేపు ఈద్ ముబారక్. అదీ ఆయన నమాజు సేసి వచ్చేకే. ఎల్లేటప్పుడు నోరిప్పేవంటే నా మీదొట్టు. ఆయన ఖైర్ ముబారక్ అంటాడు. మూడుసార్లు వాటేసుకో, ఇటూ అటూ మార్చి. నాలుగోది వద్దు. వదిన్ని, ముసలమ్మని ముట్టుకోకు, సెయ్యెత్తి ఆదాబ్ అను. పెట్టింది తిను. వచ్చీ."

"మరి నా ఇరవైరెండు మాటలో?"

"అవి నీ స్తంభానికి సెప్పుకో."

తెల్లవారెను. ఉమాపతి ఇస్త్రీ చొక్కా తొడిగి గేటుకడకు వచ్చినంతలో, పక్కింటి తలుపు తెరచుకొని, తెల్లని కుర్తాతో సత్తారు వెలువడెను. ఆహా, అప్పుడు వీరుని కంఠమున పదములు తేనెటీగలవలె ముసరుకొనెను! పలుకుమని నాలుక, వలదని భార్య ఒట్టు. మాటాడకుండుట మాటాడువానికెంత యుద్ధమో మాటకారులకే తెలియును. హాలాహలమును మ్రింగిన దేవుని పేరు పెట్టుకొన్నవాడు ఒక్క వాక్యమును మ్రింగజాలక, నీళ్ల డ్రమ్ము వెనుక చతికిలబడి, రెండు చేతులతో నోరు మూసికొనెను.

సత్తారు గేటుకడ నిలిచెను. చెప్పు సరిచేసికొన్నట్లు వంగెను. లేచెను. అటునిటు చూచెను. గడియారము చూచుకొనెను. మరల చూచెను. 'నన్ను పరీక్షించుచున్నాడు' అని డ్రమ్ము వెనుక వీరుడు పండ్లు బిగించెను. ఎట్టకేలకు సత్తారు తల వంచుకొని కదలిపోయెను.

అంతట ఉమాపతి వీధి మొగకు పోయి, సత్తారు పోయిన దారినే చూపులు నిలిపి కావలి కాచెను. అరగంట గడచెను. గంట గడచెను. టోపీలవారందరు వచ్చిరి, సత్తారు రాలేదు. ఎండ నెత్తికెక్కెను.

మేడమీదినుండి సుబ్బులు కేక వేసెను: "ఏటయ్యా, ఆడేటి సూస్తన్నావు? ఆయన ఎనక సందులోంచి ఎప్పుడో వచ్చేసేడు! ఎల్లిన దారినే తిరిగి రారు ఆల్లు, అది ఆల్ల సంప్రదాయం!"

శత్రువు లేని కోటకు కాపుగాసిన సేనాపతి పరుగెత్తెను. సత్తారు గుమ్మమున రొప్పుచు నిలిచెను. ఇరువదిరెండు పదములును దారిలో రాలిపోయెను. మిగిలినవి రెండే.

"ఈద్ ముబారక్, సత్తార్ భాయి."

సత్తారు వాని వంక ఒక క్షణము చూచెను. "ఖైర్ ముబారక్" అని చేతులు చాచెను. ఒకటి. భుజము మార్చి రెండు. మరల మార్చి మూడు. నాలుగవ దానికి లేచిన చేతిని ఉమాపతి తానే పట్టుకొని దింపుకొనెను. మంచముపై కూర్చున్న ముసలితల్లికి నొసట చెయ్యి యుంచి "ఆదాబ్" అనగా, ఆమె "జీతే రహో బేటా" అని దీవించెను. సత్తారు భార్య షీర్ ఖుర్మా పాయసపు గిన్నె తెచ్చి బల్లపై నుంచెను.

వాడు చెంచా ఎత్తునంతలో సత్తారు మెల్లగా అడిగెను: "పొద్దున్న డ్రమ్ము ఎనకాల ఏటి సేస్తన్నావు భాయ్?"

చెంచా ఆగెను. "సూసేవా? నిరుడు నా వల్ల నమాజు పోయింది కదా. ఈ పాలి నిన్ను ఆపకూడదని..."

"పావుగంట ముందే బయల్దేరేను" అనెను సత్తారు. "నువ్వొస్తావు, వాటేసుకుంటావు, ఫోటో తీస్తావు, దానికని. గేటు కాడ నిలబడ్డాను కూడాను. నువ్వు రానేదు, డ్రమ్ము ఎనక నక్కేవు. ఇంక మనతో మాటాడడేమో అనుకున్నాను."

ఇంతసేపును వెక్కిరించిన ఈ కథకుని నోరు ఇచ్చట మూతపడినది. ఉమాపతి కళ్లంట నీళ్లు పెట్టుకొనెను. సత్తారు పెట్టుకొనునని గదా వాడు ప్రగల్భము పలికినది! పందెమందు ఓడెను, ఖుర్మాలో ఉప్పు కలిసెను, అయినను గిన్నె ఖాళీ చేసెను.

జయము! జయము! చాటుడు దిక్కులార! కొరాపుట్ కొండలనుండి మునిగుడ స్టేషను వరకు వినబడునట్లు చాటుడు! ఆ మహాసంగ్రామమున ఉభయపక్షములకు కుదిరిన సంధి యిది: వచ్చే ఈద్ ఉదయమున ఉమాపతి గేటుకడ చెయ్యి మాత్రమే ఎత్తును, సత్తారు అయిదు నిమిషములు ముందు బయలుదేరిన చాలును.