టెంక లేని ఆవకాయ

ఆ శనివారం ఉదయం లీల చేయాల్సిన పనులు రెండే. మూడోరోజు ఆవకాయ తిరగకలిపి, ముక్కల మీద వేలెడు నూనె తేలేలా పోయాలి. తర్వాత ఇరవై సీసాలకు మూతలు బిగించాలి. మర్నాడు అమెరికాలో తాముండే అరోరా ఊరి తెలుగువాళ్ళ ఉగాది భోజనానికి ఆమెకు దొరికిన మొదటి పెద్ద ఆర్డరది. పెళ్ళై నాలుగు నెలలు. నూనె తేలిన ప్రతి సీసానూ భర్త హరనాథ్‌కు చూపించి మురిసిపోతోంది.

ఫోన్ మోగింది. భోజనాల బాధ్యత చూసే భానుమతి.

"లీలా, పోయిన నెల మా ఇంటి విందుకు నీ దగ్గర కొన్న ఆవకాయ ఖాళీ అయిందనుకో, కానీ అందులో ఒక్క టెంకైనా లేదేం? ముక్క కూడా మెత్తబడింది. షాపులో నువ్వు పెట్టిన ప్రకటన కార్డు మీద ఆ సంగతి రాయొద్దూ?"

లీల బిక్కచచ్చిపోయింది. ఇక్కడ పుల్ల మామిడికాయ దొరక్క అదీ, ఇదీ పచ్చ యాపిల్‌తోనే పెట్టింది. కార్డు మీద 'లీల చేతి ఆవకాయ' అని మాత్రమే ఉంది.

"ఉన్నదున్నట్టు రాసెయ్. నేను డ్రైవ్ చేస్తా, పద," అన్నాడు హరనాథ్.

ఇండియన్ షాపు బోర్డు మీద కొత్త కార్డు వెలిసింది: 'ఇది మామిడికాయ కాదు, పచ్చ యాపిల్. టెంక ఉండదు. పులుపుకు నిమ్మరసం కలిపాను. నీరు ఎక్కువ ఊరుతుంది, త్వరగా మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి నెలలోగా తినాలి. తడి గరిటె తగలకూడదు.' కార్డు మరీ బెదిరిస్తున్నట్టుందనిపించి, లీల ఉత్సాహంగా ఇంకో లైను చేర్చింది: 'పోయిన నెల భానుమతి గారింటి విందులో ఖాళీ అయింది ఈ ఆవకాయే.'

ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఆ విందుకు వెళ్ళిన శశికళ.

"ఏమ్మా, అది తెనాలి నుంచి వాళ్ళమ్మ పంపిందని భానుమతి చెప్పిందే! మా ఆయన రెండుసార్లు అడిగి వడ్డించుకుని, వాళ్ళమ్మకి థాంక్స్ లెటర్ కూడా రాశారు!"

తర్వాత ఇంకో నలుగురు. ఆ తర్వాత భానుమతి: "ఆర్డర్ కాన్సిల్!"

లీల ఇరవై సీసాల మధ్య కూలబడింది. "ఇద్దరమే ఉన్నాం. నెలలో ఎలా తింటామండీ?"

"పొద్దున టోస్ట్ మీద కూడా వేసుకుందాం," అన్నాడు హరనాథ్, పాపం నిజంగానే.

సాయంత్రం తలుపు తట్టింది భానుమతే. మొహం కందగడ్డలా ఉంది.

"విందులో ఒకాయన టెంక ఏదని అడిగాడు. అమ్మ తీసేసిందన్నాను. ఆ ఉక్రోషమంతా పొద్దున నీమీద చూపించాను. నువ్వేమో ఊరందరికీ చాటావు!"

"కొట్టేస్తానండీ ఆ లైను! ఇప్పుడే వెళ్తా!"

"కొట్టెయ్. కానీ ఇప్పుడు అందరూ రేపు ఆ యాపిల్ ఆవకాయే కావాలంటున్నారు. ఇరవై చాలవు."

లీల ఎగిరి గంతేసినంత పనిచేసింది. గుమ్మం దాకా వెళ్ళిన భానుమతి ఆగింది.

"వచ్చే నెల మా అమ్మ వస్తోంది. నాకు విడిగా రెండు సీసాలు పెట్టు."

"ఆవిడకి మన రుచి చూపించడానికా అండీ?"

"కాదు. ఇక్కడ ఆవకాయ నేనే పెడుతున్నానని ఆవిడకి రాశాను."

మూడో కార్డులో భానుమతి లైను పోయి, దాని చోట మరొకటి వచ్చింది: 'సీసాల మీద చేసినవారి పేరు రాయబడదు.'