కోలాటం మాస్టారికొచ్చిన ఫోను

ఏవయ్యోయ్, నిన్నే! ఆ కుర్చీలో కూలబడి రిమోట్ నొక్కుతున్న పెద్దమనిషీ! పిల్లలు హాస్టళ్లకి వెళ్లిపోయేక మీ ఆవిడతో నువ్వు నేరుగా మాట్లాడిన ముక్కలెన్నో వేళ్లమీద లెక్కెట్టు చూద్దాం. ఒక్క చెయ్యి చాలదూ? సిగ్గుపడకు. నీకు తోడు తాడేపల్లిగూడెంలో ఇంకో మహానుభావుడున్నాడు, ఆయ్. పేరు జగ్గారావు. ఆయన సంగతి విన్నాక నువ్వే నయమని మీ ఆవిడే ఒప్పుకుంటుంది.

జగ్గారావుది గణపవరం దగ్గర. కాస్త వరిచేనూ, నిడమర్రు వైపు ఓ చేపల చెరువూ ఉన్నాయి. పిల్లల చదువుల కోసం పన్నెండేళ్ల కిందట గూడెం వచ్చి అద్దెకి దిగేడు. అప్పట్నుంచీ ఆ ఇల్లు కోచింగు సెంటరు టైంటేబుల్ మీదే నడిచింది. నాలుగున్నరకి అలారం, అయిదుకి పాలు, ఆరుకి క్లాసు, మధ్యాహ్నం కేరేజీ, సాయంత్రం అయిదుకి గేటు దగ్గర బండి. భార్య సత్యవతి వంటింట్లోంచి బయటికి రాలేదు, జగ్గారావు బండి దిగలేదు. కొడుకు ఉదయ్ కిరణ్‌కి పూణేలో ఉద్యోగం వచ్చింది. కూతురు తేజశ్రీకి మెడిసిన్ సీటొచ్చి, మొన్న వానాకాలంలో కాకినాడ హాస్టల్లో చేరింది.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ మొగుడూ పెళ్లాలకి తగువుల్లేవు, అలకల్లేవు. కానీ ఏ మాటైనా పిల్లల నోటి మీదుగా వెళ్లాల్సిందే. "తేజా, మీ నాన్నని అన్నానికి రమ్మను" అని ఆవిడా, "ఒరే, నా కళ్లజోడెక్కడ పెట్టిందో మీ అమ్మనడుగు" అని ఈయనా. ఇద్దరి మధ్యా దూరం నాలుగడుగులు. ఇరవై రెండేళ్లు అలాగే నడిచిపోయింది. మాట మోసేవాళ్లు ఇద్దరూ వెళ్లిపోయేసరికి, సత్యవతి వంటింట్లోంచి కాకినాడకి ఫోన్ చేసి "మీ నాన్న కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అనేది. కాకినాడ నుంచి హాల్లో ఉన్న జగ్గారావుకి ఫోనొచ్చేది. "పంచదార తగ్గించమను" అని ఈయన కబురు కాకినాడ వెళ్లి వంటింటికి తిరిగొచ్చేది.

పదిరోజులు మోసింది పాపం ఆ పిల్ల. పదకొండో రోజు ఇద్దర్నీ ఒకే ఫోన్లో కలిపింది.

"అమ్మా, నాన్నా, ఇద్దరూ వినండి. నాకు రేపు ఎముకల మీద పరీక్ష ఉంది. మీకూ మీకూ మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడకి తలుపు కూడా ఉంది. ఇంక నన్ను చంపకండి!"

అని పెట్టేసింది. ఆ తర్వాత ఇల్లు ఎలా ఉందనుకున్నావ్? ఫ్రిజ్ చప్పుడు వినపడేది. సత్యవతి నలుగురికి వండేసి, మిగిలిన అన్నం పనమ్మాయి సలోమికి కట్టిచ్చేది. నాలుగున్నరకి అలారం లేకుండానే లేచి, కూతురి గదిలో లైటేసి, ఖాళీ మంచం చూసి, మళ్లీ తీసేసేది. జగ్గారావు అయిదయ్యేసరికి బండి తీసి కోచింగు సెంటరు గేటు దగ్గర నిలబడి, పిల్లలందరూ వెళ్లిపోయేక "అరె, మనకెవరూ లేరుగా" అనుకుని తిరిగొచ్చేవాడు. ఈ బాధ తనొక్కడిదే అనుకున్నాడు ఆయన. తనొక్కదానిదే అనుకుంది ఆవిడ. చెప్పుకోడానికి మధ్యలో మనిషి లేడుగా!

రెండు నెలలు గడిచేయి. ఓ బుధవారం పొద్దున్న జగ్గారావు రోజూలాగే ప్లానేసుకున్నాడు. కాఫీ తాగాలి, చెరువుకెళ్లి మేత వేయించాలి, వచ్చి టీవీ ముందు పడుకోవాలి. కాఫీ కోసం వంటింటి వైపు తొంగి చూసేసరికి సత్యవతి పెసరట్టు తిరగేస్తూ అడుగులేస్తోంది! కుడికాలు ముందుకీ, ఎడంకాలు పక్కకీ. పైగా కూనిరాగం. అంతలో ఫోనొచ్చింది.

"ఆఁ, మంగతాయారు గారూ! అయిదుకల్లా వచ్చేస్తాను. హేమంత్‌కుమార్ మాస్టారు కొత్త వరస నేర్పుతానన్నారు కదా!" అని పకపకా నవ్వింది.

జగ్గారావు గుండెలో కారం కొట్టినట్టయింది. అనుమానం కాదు, అంతకంటే చెడ్డది. 'ఆవిడకి బెంగ తీరిపోయింది. నాకింకా తీరలేదు. ఈ ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలిపోయేనా?' అని. పక్కింటి మంగతాయారు తనని కోలాటం నేర్చుకోడానికి కల్యాణమండపానికి తీసుకెళ్తోందని సత్యవతి ఆయనకి చెప్పలేదు. ఆయన అడగలేదు. అడిగే అలవాటే లేదాయె.

ఆ సాయంత్రం జగ్గారావు మండపం కిటికీ పక్కన నక్కేడు. లోపల ఇరవై నలుగురు ఆడవాళ్లు. మధ్యలో ముప్ఫయ్యేళ్ల కుర్రాడు, వంకీల జుట్టు, తెల్లపంచె. జగ్గారావు తన బట్టతల ఓసారి తడుముకున్నాడు. "శభాష్ సత్యవతిగారూ! కర్ర అలాగే పడాలి!" అన్నాడా మాస్టారు. జగ్గారావుకి ఒళ్లు మండిపోయింది. ఆ పేరు తన నోటితో పిలిచి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు రాలేదు. ఎవడో పిలుస్తుంటే మాత్రం తన జేబులో చెయ్యి పెట్టినట్టుంది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి చెరువు గట్టు మీద కూర్చుని ఓ బ్రహ్మాండమైన ఎత్తు వేసేడు. ఆదివారం రోజంతా కోలాటం ప్రాక్టీసట. మాస్టారే లేకపోతే? ప్రాక్టీసుండదు. సత్యవతి ఇంట్లో ఉంటుంది. తను వేడివేడి బజ్జీలు తెస్తాడు. ఏదో ఒకటి మాట్లాడతాడు. మండపం గోడ మీది ఫ్లెక్సీలో చూసిన నంబరు కొట్టి, తువ్వాలు నోటికడ్డం పెట్టి, గొంతు బొంగురు చేసేడు.

"హలో, మాస్టారండీ? నేను కొల్లేటి గట్టు నుంచి, ప్రెసిడెంటుగారి తాలూకు మనిషినండి. ఆదివారం మా ఊళ్లో కోలాటం పోటీలండి. తమరొక్కరే జడ్జీగా దయచెయ్యాలండి."

అటువైపు ఏదో కాయితం చప్పుడైంది. ఎవరో దగ్గినట్టనిపించింది. తర్వాత మాస్టారు గొంతు: "జడ్జీ ఎందుకండీ, మా టీమంతా వస్తాం. మా వాళ్లకిదే మొదటి ప్రోగ్రాం. ఓ షామియానా, మైకు, మధ్యాహ్నం భోజనం చూడండి చాలు. ఉంటానండీ!"

కొల్లేటి కొంగల మధ్య మాస్టారిని ఒంటరిగా నిలబెడదామనుకుంటే, ఇప్పుడు ఇరవై నలుగురు ఆడవాళ్లతో తన పెళ్లామే వ్యానెక్కేటట్టుంది! మళ్లీ ఫోన్ చేసి, ఈసారి సన్నగొంతుతో, "ప్రోగ్రాం రద్దయిందండి" అన్నాడు.

"అయ్యో, మా వాళ్లంతా అప్పుడే చీరలకి మేచింగ్ గాజులకి ఆర్డరిచ్చేసేరండీ! రద్దంటే నన్నిక్కడ కర్రలతోనే సత్కరిస్తారు."

ఇంటికొచ్చేసరికి సత్యవతి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఏవండీ! ఆదివారం కొల్లేటిలో నేను కోలాటం ఆడుతున్నానండీ. మొట్టమొదటిసారి!"

నేరుగా ఆయన మొహంలోకి చూసి చెప్పింది. రెండు నెలల్లో అదే మొదటి వాక్యం. ఇప్పుడు 'అది ఉత్తుత్తి ఫోనే, చేసింది నేనే' అని ఏ మొహంతో చెప్తాడు? ఇరవై నలుగురి ముందు ఆవిడ తల ఎక్కడ పెట్టుకుంటుంది? ఆ తర్వాత ఈయనతో జన్మలో మాట్లాడుతుందా?

"మంచిదే," అన్నాడు తువ్వాలు వెనక్కి దాచుకుంటూ.

కొల్లేటి ఒడ్డున జగ్గారావుకి తెలిసిన మనిషి ఒక్కరే, చేపల రైతు నరసరాజు. వెంటనే ఫోన్ చేసేడు.

"రాజుగారూ, ఆదివారం మీ ఊళ్లో కోలాటమండి."

"ఆయ్, చాలా సంతోషమండి. ఎవరు పెట్టేరండి?"

"నేనేనండి."

"మా ఊళ్లో తమరెందుకు పెట్టేరండి?"

"అది అడక్కండి రాజుగారూ, మీకు దణ్ణం పెడతాను."

"అడగనండి. కానీ ఆదివారం మా చెరువు పట్టుబడండి, చేపలు తీస్తామండి. ఊళ్లో మగాళ్లందరూ వలల్లో ఉంటారు. చూసేవాడెవడండి?"

శనివారం "చెరువులో మోటారు పాడైంది" అని చెప్పి జగ్గారావు ఇల్లు కదిలేడు. సత్యవతి "జాగ్రత్తండీ" అని ఎందుకో నవ్వింది. ఆకివీడులో షామియానా దొరికింది. మైకువాడు దొరికేడు గానీ వాడి దగ్గర ఎన్నికల పాటలు తప్ప ఏవీ లేవు. వంటమనిషి "ముప్ఫైమందికి చేపల పులుసంటే నేనొక్కణ్ణే చెయ్యలేను బాబో" అంటే, అరవై కొరమీనులకి పొలుసు గీకి ఇచ్చింది జగ్గారావే. రాజుగారిని బతిమాలి పట్టుబడి తెల్లవారుజామునే మొదలెట్టించేడు.

ఆదివారం పదకొండింటికి వ్యాను దిగింది. ఆకుపచ్చ చీరలు, ఎర్ర అంచులు, చేతినిండా గాజులు. ఎదురుగా ప్రేక్షకులెవరయ్యా అంటే, అప్పుడే చెరువులోంచి లేచిన నలభైమంది వలగాళ్లు, తడి లుంగీలతో, వరసగా గొంతుక్కూర్చుని. జగ్గారావు షామియానా గుంజ వెనకాల నక్కేడు. మాస్టారు అటూ ఇటూ చూసి "ప్రెసిడెంటుగారు స్వాగతం చెప్తే మొదలెడతామండి" అన్నాడు. ప్రెసిడెంటుగారికి ఈ సంగతే తెలీదు. నరసరాజు ఓ క్షణం ఆలోచించి, జగ్గారావు రెక్క పుచ్చుకుని మైకు ముందుకి తోసేసేడు.

సత్యవతి చూసింది. జగ్గారావు ఒంటినిండా పొలుసులు. మైకు కుయ్యిమంది.

"అందరికీ నమస్కారమండి. నేను... ఈ రెండో వరసలో చివర నిలబడ్డావిడ మా ఆవిడండి. సత్యవతి. పన్నెండేళ్లు నాలుగున్నరకి లేచి పిల్లల్ని చదివించిందండి. పిల్లలెళ్లిపోయేక ఇల్లు ఖాళీ అయిపోయిందండి. ఆవిడకి... నాకూ. ఆ మాట నేను చెప్పలేదండి. ఇప్పుడు చెప్తున్నాను. చప్పట్లు కొట్టండి."

వలగాళ్లు తడిచేతులతో కొట్టేరు. కోలాటం మొదలైంది. సత్యవతి మూడో చుట్టులో ఒక అడుగు తప్పింది, నవ్వేసి సర్దుకుంది. మాస్టారు చూస్తే, ఆయన ఓ పక్కకెళ్లి, ఇంటినుంచి వచ్చిన ఫోన్లో "పాపకి డైపర్లు పెద్ద సైజేనా? గుర్తుందే, తెస్తానే" అని గొణుక్కుంటున్నాడు. జగ్గారావుకి ఆ వంకీల జుట్టు మీద ఉన్న కోపం అక్కడితో సగం పోయింది. మిగతా సగం, జుట్టు తనకి లేదు కాబట్టి, అలాగే ఉంచుకున్నాడు.

భోజనాల దగ్గర సత్యవతి వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఆకులో పులుసు పోస్తూ అడిగింది.

"ఏవండీ, ప్రెసిడెంటుగారి తాలూకు మనిషొకాయన ఫోన్ చేసేడట. కనపళ్లేదేం?"

"అర్జంటు పనుండి... వెళ్లేడు."

"పాపం, ఆయన గొంతుకి జలుబు తగ్గిందా?"

జగ్గారావు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"మీరు చేసినప్పుడు ప్రాక్టీసులోనే ఉన్నామండీ. మాస్టారు ఫోన్ మీద మీ పేరు, ఇంటిపేరుతో సహా పడింది. స్పీకరు పెట్టేరు. ఇరవై నలుగురమూ విన్నాం. మంగతాయారుగారు నవ్వాపుకోలేక దగ్గింది. 'జడ్జీ వద్దు, టీమంతా వస్తామనండి' అని మాస్టారికి రాసిచ్చింది నేనే. రద్దన్నప్పుడు చెప్పిన గాజుల మాట కూడా నాదే."

"ఎందుకే అలా చేసేవ్?"

"నేనెలాగో లేచి బయటికొచ్చేనండి. మీరు రాలేదు. రమ్మంటే వచ్చే మనిషా మీరు? అందుకే మీ ఎత్తు మీకే అప్పజెప్పేను."

ప్రస్తుతం ఆ టీముకి కామవరపుకోట నుంచీ నల్లజర్ల నుంచీ నిజం ఫోన్లే వస్తున్నాయి. జగ్గారావు వ్యాను వెనకసీట్లో ఇరవై నాలుగు జతల కర్రల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఎవరైనా అడిగితే మాత్రం మేనేజర్నని చెబుతున్నాడు.