పసుపు కోటు పిల్ల

ఆ ఆదివారం పొద్దున మనోరమ కూతురిని తీసుకురావడానికి హైదరాబాద్ బస్సెక్కుతూ మొగుడికి ఒకే ఒక్క పని అప్పజెప్పింది. "ఈరయ్య వస్తడు. హాలుకు రంగు వేయించు. గంతే. ఇంకేం చెయ్యకు."

ఇంకేం చెయ్యకు అన్నప్పుడే జగన్‌మోహన్‌కు ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా పది మందికి పని చెప్పే మనిషి, ఇంట్లో మాత్రం చెప్పిన పని కంటే ఒక పని ఎక్కువే చేస్తాడు. ఆ ఎక్కువ పనే ఎప్పుడూ మీదికొస్తుంది. పన్నెండేళ్ల వర్షిత హాస్టల్లో చేరాక మొదటిసారి సెలవులకు వస్తోంది. పిల్ల గదికి కూడా కొత్త రంగు వేస్తే ఎంత సంతోషపడుతుందో అనుకున్నాడు. ఆ గదితోనే మొదలుపెట్టమని ఈరయ్యకు చెప్పి, తాను కూరగాయలకు బజారుకు పోయాడు.

తిరిగి వచ్చేసరికి గది పాలలా మెరుస్తోంది. ఈరయ్య బ్రష్షు కడుగుతూ అన్నాడు. "మంచం పక్క గోడకు రెండు పూతలు పట్టినయ్ సార్. పిల్లలు ఏందో బొమ్మ గీసిన్రు. జర జిడ్డు రంగు, తొందరగా కప్పుకోలే."

జగన్‌మోహన్ చేతిలోని సంచీ జారి టమాటాలు గదంతా దొర్లాయి.

పోయినేడు వర్షిత సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. నెలల తరబడి కట్టుతో మంచం మీదే ఉంది. ఆ మంచం మీద కూర్చునే, చెయ్యి అందినంత మేర, గోడ మీద ఆ బొమ్మ గీసింది. హాస్టల్‌కు పోయేటప్పుడు దానికి టాటా చెప్పి మరీ పోయింది. అది వర్షిత ఫోన్‌లో చదివే బొమ్మల కథలోని పిల్ల అని మాత్రం జగన్‌మోహన్‌కు తెలుసు. పేరు తెలియదు. ఆ బొమ్మ పక్కనే కూర్చుని ఎన్నిసార్లు అన్నం తిన్నాడో లెక్కలేదు కానీ, తల తిప్పి సరిగా చూసింది లేదు.

"మళ్ల గీస్త సార్, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు ఈరయ్య. దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అతనిది. "గీయాలంటే సాఫ్‌గ ఉన్న బొమ్మ ఒకటి చూపెట్టున్రి."

సాఫ్‌గా ఉన్న బొమ్మ కావాలంటే పేరు తెలియాలి. వర్షితను అడిగితే గుట్టు రట్టవుతుంది. మనోరమను అడిగితే ప్రాణమే పోతుంది. ఫోన్‌లో వెతగ్గా వెతగ్గా పుట్టినరోజు నాటి సెల్ఫీ ఒకటి దొరికింది. ముందు కేకు, వెనక మనోరమ భుజం, ఆ భుజానికీ బెలూన్‌కూ మధ్య గోడ బొమ్మ. పెద్దది చేస్తే ముఖం మాయమై, నానిన సేమియాలా ఏవో గీతలు మిగిలాయి. పసుపు కోటు ఉంది, చేతిలో ఒక కర్ర ఉంది. అంతే.

ఆ ముక్కను కత్తిరించి కాలనీ గ్రూపులో పెట్టి కింద రాశాడు: "ఈ పిల్ల ఎవరో తెలిసినవారు వెంటనే చెప్పగలరు. చాలా అర్జెంటు."

చదివినవాళ్లకు అది తప్పిపోయిన పిల్ల ప్రకటనలా కనిపించింది. వాళ్లు దాన్ని మరో పది గ్రూపులకు పంపారు. కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, పసుపు కోటు పిల్లనా? కోహీర్ బస్టాండ్‌ల చూసిన. సమోసా తింటున్నది." ఇంకొకతను రాయికోడ్‌లో ఆటో ఎక్కిందన్నాడు. మూడో ఆయన బొమ్మ కూడా చూడకుండా, ఆడపిల్లను జాగ్రత్తగా చూసుకోవద్దా అని తిట్టి పెట్టేశాడు. అది మనిషి కాదు, బొమ్మ అని జగన్‌మోహన్ మళ్లీ రాశాడు. "మా గోడ మీద ఉండే బొమ్మ, పొద్దున మాయమైంది" అని కూడా చేర్చాడు. ఆ ఒక్క మాటతో వ్యవహారం దేవుడి దాకా పోయింది.

ఎదురింటి రేవణసిద్ధప్ప కొబ్బరికాయ పట్టుకుని దిగాడు. ఊరి బయట నాలుగెకరాల శనగ చేను ఉన్న ఆసామి, భక్తి కొంచెం ఎక్కువ. "గోడ మీది అమ్మవారు మాయమైందంట కదా? పసుపు బట్ట, చేతుల త్రిశూలం. నాకు అర్థమైంది. నువ్వు నోరు మూసుకో" అంటూ తెల్లటి గోడ ముందు కాయ కొట్టనే కొట్టాడు. నీళ్లు తడి రంగు మీద చిందాయి. ఈరయ్య నుదురు కొట్టుకున్నాడు. "అది త్రిశూలం కాదు సార్, నా రోలరు లెక్కుంది" అని తన మాటా వేశాడు.

ఆ గోలకు పక్కింటి కోటేశ్వరరావుగారి అమ్మాయి కీర్తన వచ్చింది. వాళ్లది గుంటూరు వైపు, తండ్రి ఫ్యాక్టరీలో ఇంజనీరు. డిగ్రీ చదివే ఆ పిల్ల తీరిక వేళల్లో తనూ ఇలాంటి బొమ్మలే గీస్తుంది.

"నేను ఫోన్‌లో ఫోటో పెట్టి వెతికిన బిడ్డా. కేకులు, రెయిన్‌కోట్లు చూపెడుతుంది" అన్నాడు జగన్‌మోహన్.

"మసక బొమ్మకి అంతే వస్తాయి అంకుల్. ముందు మనమే చూద్దాం. ముఖం వదిలేయండి. అభిమానులు గీసే బొమ్మల్లో ముఖం, జుట్టు గీసేవాళ్ల ఇష్టం. మార్చకుండా ఉంచేవి చేతిలో వస్తువు, గుర్తు, రంగులు. అవి లేకపోతే ఎవరూ గుర్తుపట్టరు కదా." కీర్తన ఫోన్‌ను మొదట చేతికందినంత దూరం పెట్టి, కళ్లు చికిలించి చూసింది. "దూరం నుంచి చూస్తే పెద్ద రంగులు తేలతాయి. కోటు పసుపు, మెడకి ఆకుపచ్చ గుడ్డ."

"పచ్చదే" అన్నాడు జగన్‌మోహన్.

"ఆగండి. కేకు మీద క్రీమ్ తెల్లగా ఉండాలి కదా? ఇక్కడ పసుపుగా ఉంది. అంటే బల్బు వెలుగు అన్నిటి మీదా పడింది. ఆ వెలుగులో నీలం పచ్చగా కనిపిస్తుంది. కోటు క్రీమ్ కంటే చాలా చిక్కగా ఉంది కాబట్టి అది నిజంగానే పసుపు. మెడ గుడ్డ మాత్రం నీలం అయ్యుండాలి."

రేవణసిద్ధప్ప కూడా కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

కీర్తన ఇప్పుడు దగ్గరికి తెచ్చుకుంది. కర్ర పైన చీపురు పుల్లల్లా విచ్చుకున్న గీతలు. త్రిశూలానికైతే మూడే ఉండాలి, ఇక్కడ చాలా ఉన్నాయి. కింద కొస వంకీ తిరిగింది. "బట్ట లేని గొడుగు! పసుపు కోటు లక్షమందికి ఉంటుంది అంకుల్, బట్ట లేని గొడుగు ఎంతమంది పట్టుకుంటారు? ఇదే మన ఆధారం. ఇంకా చూడండి, ఒక చేతికే ఎర్ర తొడుగు. ఛాతీ మీద అలల గుర్తు, దాని పైన ఏదో ఉంది, తెలియట్లేదు. తెలియనిది ఊహించొద్దు."

నడుము దగ్గర గుండ్రంగా బూడిద రంగు మచ్చ ఒకటి కూడా ఉంది. దాన్ని చివరికి ఉంచి, మిగతావన్నీ మాటల్లో రాసి వెతికింది. వెంటనే దొరికింది. 'మబ్బుల ఊరు' అనే బొమ్మల కథ. అందులో బట్ట లేని గొడుగు పట్టుకునేవాళ్లు ఇద్దరే, అక్కాచెల్లెళ్లు. ఇద్దరికీ పసుపు కోటే, నీలం గుడ్డే. చెల్లెలు తొలకరి, ఎడమ చేతికి ఎర్ర తొడుగు, ఊళ్లకు వాన తెస్తుంది. అక్క వడగండ్ల దొరసాని, కుడి చేతికి తొడుగు, చేలను నాశనం చేస్తుంది. ఫోటోలో తొడుగు ఉన్నది కుడి చేతికే.

"అయితే దొరసానే" అన్నాడు జగన్‌మోహన్, మళ్లీ ఎక్కువ పనికి దిగుతూ. "ఈరయ్యా, మొదలుపెట్టు!"

"ఇంకోసారి సరిచూద్దాం అంకుల్" అని కీర్తన అంటూనే ఉంది. ఈరయ్య బ్రష్షు గోడెక్కింది. కోటు, గొడుగు, తొడుగు, రెండు కోపపు కళ్లు పడ్డాయి. అప్పుడు రేవణసిద్ధప్ప మెల్లగా అడిగాడు. "ఇంతకూ ఈమె ఏం దేవత?"

"దేవత కాదు తాతగారూ. వడగళ్లు కురిపిస్తుంది."

పెద్దాయన ముఖం పాలిపోయింది. "నా శనగ చేను పూత మీదున్నది! నేను కాయ కొట్టింది వడగండ్లకా? తుడువుండ్రి! ఇప్పుడే తుడువుండ్రి!" అంటూ తడి గుడ్డ అందుకున్నాడు. ఈరయ్య బొమ్మకు అడ్డం పడ్డాడు. ఆ పెనుగులాటలో దొరసానికి ఒక కన్ను పోయింది, రేవణసిద్ధప్ప తెల్ల ధోవతికి ఎర్ర తొడుగు అంటుకుంది.

"ఆగండి!" అని కీర్తన కేక వేసింది. "ఇది సెల్ఫీ అంకుల్. వెనక క్యాలెండర్ చూడండి, అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. ఫోటోను అద్దంలోలా తిప్పి దాచుకుంది ఫోన్. కుడి అనుకున్నది ఎడమ. ఈమె తొలకరే!"

రేవణసిద్ధప్ప గుడ్డ వదిలేసి, ఇంటికి పరుగెత్తి రెండో కొబ్బరికాయ తెచ్చాడు.

తొడుగు చెయ్యి మారింది. కోపపు కళ్లు నవ్వు కళ్లయ్యాయి. కథలో ఉన్నట్టే ఛాతీ మీద అలల పైన ఒక చినుకు పడింది. చివరికి కీర్తన ఆ బూడిద రంగు మచ్చ చూపించింది. "ఇది అసలు కథలో ఎక్కడా లేదు అంకుల్. పేరు తేల్చడానికి పనికిరాదు. కానీ కథలో లేనిది ఉందంటే గీసినవాళ్లు సొంతంగా కలుపుకున్నారన్నమాట. ఉంచితే మంచిది."

"అది కెమెరా మరక బిడ్డా. అసలు బొమ్మల లేనిది మనకెందుకు?" అన్నాడు జగన్‌మోహన్. ఈరయ్య దాన్ని వదిలేశాడు.

సాయంత్రం తల్లితో ఆటో దిగిన వర్షిత, కొంచెం కుంటుతూనే, నేరుగా గదిలోకి పోయింది. జగన్‌మోహన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్ల గోడ ముందు నిలబడి బొమ్మను పైనుంచి కిందికి చూసింది.

"తొలకరి కొత్తగైంది" అంది. తర్వాత నడుము దగ్గర వేలు పెట్టింది. "మరి నీ డబ్బా ఏది నాన్నా?"

"ఏం డబ్బా?"

"నీ టిఫిన్ డబ్బా. నాకు కాలు విరిగినప్పుడు రోజూ ఫ్యాక్టరీల తినకుండ డబ్బా పట్టుకొని ఇంటికొస్తుంటివి కదా, నాతోటి తినేటందుకు. డబ్బా చప్పుడైతే నొప్పి తగ్గుతుండె. తొలకరికి గొడుగుంది, అన్నం లేదు. అందుకే నీ డబ్బా దానికి కట్టిన."

జగన్‌మోహన్ గోడ దగ్గరికి నడిచాడు. నెలల తరబడి ఆ గోడకు వీపు ఆనించి తిన్నాడు, వీపు వెనకే తన డబ్బా ఉందని చూసుకోలేదు. కూతురు తనను గుర్తుపెట్టుకుంది, తను మరక అన్నాడు. ఆ క్షణంలో కూతురికి, కీర్తనకు, ఈరయ్యకు, ధోవతి పాడుచేసుకున్న పెద్దాయనకు, అందరికీ దండం పెట్టాలనిపించింది. ముందు వర్షిత తల నిమిరి, జరిగిందంతా చెప్పేశాడు. పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది.

వంటింట్లోంచి డబ్బా తెచ్చి ఈరయ్య ముందు పెట్టాడు. ఈసారి సాఫ్‌గా ఉన్న నమూనా ఎదురుగానే ఉంది. సొట్టతో సహా దించాడు ఈరయ్య. దానికి కూలి మాత్రం తీసుకోనన్నాడు. కీర్తన, వర్షిత మంచం మీద కూర్చుని 'మబ్బుల ఊరు' ముచ్చట్లలో పడ్డారు.

మనోరమ కళ్లు తుడుచుకుని, కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని, హాల్లోకి వచ్చి నాలుగు గోడలూ తిరిగి చూసింది.

"అన్నీ మంచిగున్నయ్ గానీ, హాలుకు రంగేది?"