షుక్రీగారి నాలుగో అనుభవం

ఆ ఉదయం అలెగ్జాండ్రియాలో తత్వశాస్త్రం చెప్పే షుక్రీగారు వేసుకున్న పథకం చిన్నదే. సదస్సులో పత్రం చదవాలి, ఆచార్య పదవి ఖాయం చేసుకోవాలి, భోజనం వేళకు ఇల్లు చేరి వేయించిన చేప తినాలి. పదవి ఇచ్చేదీ లేనిదీ ఈ పత్రాన్ని బట్టే. ఇది తప్పితే ఇక రిటైరయ్యేదాకా ఉపన్యాసకుడే.

సూఫీ అయినా, ఎడారి సన్యాసి అయినా, యూదు సాధకుడైనా, అద్వైతి అయినా పొందే దివ్యానుభవం ఒక్కటేననీ, తర్వాత దాన్ని ఎవరి మతం మాటల్లో వాళ్ళు చెప్పుకుంటారనీ ఆయన వాదం. రుజువుగా నలుగురి మాటలు తీసుకుని, అల్లా, క్రీస్తు, బ్రహ్మం వంటి పేర్లన్నీ కొట్టేసి "అది" అని పెట్టారు. ఏది ఎవరిదో పదవి తేల్చే సంఘం సభ్యులు కాగితం మీద రాసి సంతకం చేయాలి. పోల్చుకోలేకపోతే షుక్రీగారు గెలిచినట్టే. టైపు చేసి పెట్టింది ఆయన భార్య నజ్వా.

మొదటి మూడింటికీ తలా ఒక జవాబు రాశారు. నాలుగోదాని దగ్గర గొడవ మొదలైంది. "నేను అనేది కరిగిపోయింది. కాలం ఆగింది. ఉన్నదంతా ఒకటే వెలుగు. తిరిగొచ్చాక ఏడుపొచ్చింది" అని ఉందందులో.

"ఇది ఫనా. సూఫీ తనను తాను పోగొట్టుకునే స్థితి. ఇందులో అనుమానమేముంది?" అన్నారు అధ్యక్షులు ఫహీంగారు.

"ఆ కన్నీళ్ళు చూడండి. అవి మా ఎడారి సన్యాసులవే," అన్నారు ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ చర్చి చరిత్ర చెప్పే యూసాబ్‌గారు.

"ఇద్దరూ పొరబడ్డారు. ఇక్కడ ప్రేమించేవాడూ లేడు, ప్రేమ అందుకునేవాడూ లేడు. అచ్చమైన అద్వైతం," అంది సుహైర్. సాధకుడు చేసిన జపం, చదివిన గ్రంథం అనుభవాన్ని ముందుగానే మలుస్తాయనీ, అందుకే ఏ మతం అనుభవం దానిదేననీ ఎన్నో ఏళ్ళుగా షుక్రీగారిని చీల్చి చెండాడుతున్న మనిషి ఆవిడే.

షుక్రీగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సభ్యులు మూలం చెప్పమన్నారు. కాగితం చూస్తే అది తను ఎంచిన భాగం కాదు. కంగారులో భార్యకు ఫోన్ చేసి, స్పీకరు నొక్కేశారు.

"ఆ అద్వైతం కాగితం మీద టీ ఒలికి అక్షరాలు పోయాయండీ. మొన్న పన్ను పీకేటప్పుడు మత్తు పీల్చానుగా, అప్పుడు నాకు అనిపించింది టైపు చేసి పెట్టా. అన్నీ ఒకటేనని రోజూ మీరేగా అంటారు. చేప వేయించనా, ఆగనా?"

"ఆగు," అన్నారు షుక్రీగారు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

ఫోన్ పెట్టేసి పత్రం మూశారు.

"ఒప్పుకుంటున్నాను. తేడా అంతా నేను కొట్టేసిన మాటల్లోనే ఉంది. అవి తీసేశాక అన్నీ ఒకటిగా కనపడక ఏం చేస్తాయి? పత్రం వెనక్కి తీసుకుంటాను," అన్నారు షుక్రీగారు చివరికి.

"ఉండండి," అంది సుహైర్ మెల్లగా. "మీ ఆవిడ జపం చేయలేదు, గ్రంథం చదవలేదు. అయినా నాకు అద్వైతమే కనపడింది. మరి అనుభవాన్ని ముందుగా మలిచింది ఏమిటంట?"

"మత్తు. అంతకుమించి ఏం లేదు. వర్ణన కలిసినంత మాత్రాన అనుభవం కలిసినట్టా?" అన్నారు షుక్రీగారు.

"కలవలేదని మీకెలా తెలుసు?"

అలా ఒకరి వాదం ఒకరు ఎత్తుకుని మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. ఫహీంగారు మాత్రం బల్ల మీద తమ సంతకాలున్న కాగితాల వంకే చూస్తూ కూర్చున్నారు. పత్రాన్ని తిరస్కరిస్తే కారణం రాయాలి, ఆ కాగితాలు జతచేయాలి.

"పత్రం అద్భుతం," అన్నారాయన. షుక్రీగారికి పదవి వచ్చింది. నాలుగో అనుభవం పేరు తెలియని సాధకురాలిదని అచ్చు వేయాలన్నది ఒక్కటే షరతు.

ఆ నెలలో నజ్వా పన్ను పీకిన డాక్టరు దగ్గరికి ముగ్గురు ఆచార్యులు వెళ్ళారు. వాళ్ళలో ఫహీంగారికి ఉన్నవన్నీ కట్టుడు పళ్ళే.