పది నిమిషాలు ముందు మోగిన సైరన్

ఆ పొద్దున వీరవేణమ్మ గారు చెయ్యవలసిన పని ఒకటే. మాట్లాడకుండా కూర్చోవడం. మనవరాలు హారతికి తాంబూలాలు పుచ్చుకోవడానికి మండపేటలోనే ఆ చివరి నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు వస్తున్నారు. కొడుకు అచ్చిబాబు తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడి, అడిగిన దానికే జవాబు చెప్పమని, అదీ ఒక్క ముక్కలో చెప్పమని బతిమాలుకున్నాడు. ఆవిడ సరేనంది. ఆ సరే అనడానికే పావుగంట పట్టింది.

హారతికి తన కంటే మూడేళ్ళు పెద్దవాడైన ఆ పెళ్ళికొడుకు గణేష్‌బాబు నచ్చాడు. ఎంత నచ్చాడంటే, ఎప్పుడూ బారెడు పొద్దెక్కాక గానీ లేవని పిల్ల ఆవేళ కోడి కంటే ముందు లేచి తలంటుకుని, ఎవరూ చెప్పకుండానే పెసరట్లకి అల్లం తరిగింది. ఇదివరకు చూసిపోయిన వాళ్ళెవరికీ ఆ ఇంట్లో అల్లం తరిగిన వాళ్ళు లేరు. అది చూసే వీరవేణమ్మ గారు ఈ సంబంధం దాటిపోకూడదని మనసులో గట్టిగా అనుకుంది.

హాల్లో గుండ్రంగా పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెళ్ళికొడుకు తండ్రి భీమరాజు గారు, తల్లి చిన్నమ్మాయి గారు, పిల్లాడు, వాళ్ళతో వచ్చిన సిద్ధాంతి గారు అందరూ కూర్చుని ఉప్మా పెసరట్టు తింటున్నారు. మాట వరసకి సిద్ధాంతి గారు, పిల్ల పుట్టిన టైము ఎవరు చూశారని అడిగారు. అడిగారు కదా, ఇక ఆవిడ చెప్పక తప్పలేదు.

"నేనే చూశానండి. ఉగాదికి ముందు రోజులు. నర్సింగ్ హోమ్ వరండాలో బల్ల మీద కూర్చున్నాను. లోపల పిల్ల కేర్‌మంది, బయట రైసు మిల్లు సైరన్ మోగింది. రెండూ ఒక్కసారే. ఎనిమిది."

అక్కడ ఆగిపోతే ఈ కథే లేదు. అచ్చిబాబు దగ్గాడు కూడా. కానీ సైరన్ గుర్తొచ్చాక మిల్లు గుర్తొచ్చింది, మిల్లు గుర్తొచ్చాక ఆసామి గుర్తొచ్చాడు.

"ఆ ఆసామి మహా గడుసు వాడు లెండి. పనివాళ్ళు ఆలస్యంగా వస్తున్నారని గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టించాడు. ఆ సైరన్ విని ఉరుక్కుంటూ వెళ్తే సరిగ్గా టైముకి చేరేవారు. ఊరంతా అలవాటు పడిపోయాం."

సిద్ధాంతి గారి చేతిలో పెసరట్టు ముక్క అల్లప్పచ్చడి దగ్గరే ఆగిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోనులో జాతకం తీసి, టైము ఏడు యాభై అని మార్చి కొట్టారు. చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"లగ్నం మారిపోయిందండీ" అన్నారు.

పది నిమిషాలకే అంత తేడా ఏంటని అచ్చిబాబు అడిగాడు. పిల్ల నక్షత్రం మారలేదనీ, చంద్రుడున్న రాశీ మారలేదనీ, గ్రహాలన్నీ ఉన్న చోటే ఉన్నాయనీ సిద్ధాంతి గారు ఓపిగ్గా చెప్పారు. మారింది తూర్పు దిక్కున లేచే రాశి. దాన్నే లగ్నం అంటారు. రాత్రీ పగలూ కలిపి పన్నెండు రాశులూ ఒక చుట్టు తిరిగొస్తాయి గనక ఒక్కోటి రమారమి రెండు గంటలుంటుంది. రాశికి ముప్ఫై భాగలు, భాగకి నాలుగు నిమిషాలు. రాశి నడిమధ్యలో పుట్టిన వాళ్ళకి పది నిమిషాలు అటూ ఇటూ అయినా లగ్నం మారదు. ఆ రోజు ఏడు యాభై నాలుగుకి మీనం పోయి మేషం వచ్చింది. హారతి గుమ్మం మీద పుట్టింది.

అప్పటికీ ఎవరి మొహంలోనూ వెలుగు లేకపోయేసరికి ఆయన కుర్చీల మీద పడ్డారు. "ఇవే పన్నెండు రాశులనుకోండి. అచ్చిబాబు గారు కూర్చున్నది మేషం. అక్కణ్ణించి వరసగా లెక్కపెట్టండి. కన్యారాశిలో కుజుడున్నాడు. అంటే ఆరో కుర్చీ."

అందరూ వేలు పెట్టి లెక్కపెట్టారు. ఆరో కుర్చీలో చిన్నమ్మాయి గారున్నారు.

"ఇప్పుడు ఒక్క కుర్చీ వెనక్కి జరిగి, మీనం నుంచి మొదలెట్టండి. కుజుడు లేవలేదు, కదల్లేదు. కానీ లెక్కకి ఏడో ఇంట్లోకి వచ్చాడు. లగ్నానికి ఏడోది పెళ్ళి స్థానం. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు, వీటిల్లో కుజుడుంటే కుజదోషం. ఆరులో ఉంటే లేదు."

ఏడో కుర్చీలో చిన్నమ్మాయి గారు కదలకుండా కూర్చునే ఉన్నారు. మొహం మాత్రం ఎర్రబడింది. దోషం లేదని చెబితేనే వచ్చామని ఆవిడ భర్తతో గట్టిగానే గుసగుసలాడారు.

వీరవేణమ్మ గారు తలుపు వైపు చూసింది. తలుపు చాటున హారతి చీర కొంగు కనపడుతోంది. చేసిన దాన్ని సర్దుదామని, ఆ గడియారం పది కాదు, ఐదు నిమిషాలే ముందుండేదేమో అంది. సిద్ధాంతి గారు ఐదు తీసి చూశారు. ఏడు యాభై ఐదు. మేషమే. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతలో భీమరాజు గారు తాను అదే మిల్లులో గుమస్తాగా చేశాననీ, ఆ గడియారానికి కీ ఇచ్చింది తనేననీ, అక్షరాలా పది నిమిషాలనీ చెప్పి కుజుణ్ణి మళ్ళీ ఏడో ఇంట్లో కూర్చోబెట్టారు.

విరుగుడుగా అరటి చెట్టుతో ముందు ఒక పెళ్ళి చేయిస్తే సరిపోతుందని సిద్ధాంతి గారన్నారు. అచ్చిబాబు వెంటనే తోట వాళ్ళకి ఫోను చేసి, పెళ్ళికి అరటి చెట్టు కావాలన్నాడు. ఎన్ని అని వాళ్ళడగలేదు, ఒకటని ఇతను చెప్పలేదు. కాసేపట్లో ట్రాక్టరు నిండా గెలలతో సహా చెట్లు దిగాయి. పనివాళ్ళు వాటిని గేటుకి రెండు వైపులా పాతడం మొదలుపెట్టారు. పెళ్ళి ఇవాళే కామోసని ఎదురింటి వాళ్ళు పట్టుచీరలు కట్టుకుని వచ్చేశారు. పిలవలేదని నిష్ఠూరమాడుతూనే టిఫినుకి కూర్చున్నారు.

ఆ హడావిడిలో చిన్నమ్మాయి గారు లేచి నిలబడ్డారు. "ఇంకో చోట చూసుకుంటాం లెండి. పది నిమిషాలు దాచిన వాళ్ళు రేపు ఇంకేం దాస్తారో."

వీరవేణమ్మ గారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "తల్లీ, దాచడమే వస్తే ఇదంతా ఎందుకు చెబుతాను? నా నోటికి పిల్లని ఉసురుపెట్టకండి."

అప్పటిదాకా ప్లేటు కేసి చూస్తూ కూర్చున్న గణేష్‌బాబు తలెత్తాడు. "అమ్మా, నా టైము కూడా చెప్పెయ్."

"నోర్ముయ్ రా."

"నేనే చెబుతానండీ" అన్నాడు సిద్ధాంతి గారితో. "సాయంత్రం ఐదూ ఇరవైకి పుట్టాను. ముందొచ్చిన రెండు సంబంధాలు జాతకం చూసి వెళ్ళిపోయాయని, ఐదున్నర అని రాయించారు."

సిద్ధాంతి గారు మారు మాట్లాడకుండా ఐదూ ఇరవై కొట్టారు. ధనుర్లగ్నం కాస్తా ఒక్క మెట్టు వెనక్కి, వృశ్చికంలోకి వెళ్ళింది. వృషభంలో ఉన్న కుజుడు ఆరో ఇంటి నుంచి ఏడో ఇంట్లోకి వచ్చాడు.

గేటు దగ్గర పలుగు చప్పుడొక్కటే.

"దివ్యంగా ఉంది" అన్నారు సిద్ధాంతి గారు. "ఒకరికుండి ఒకరికి లేకపోతే చిక్కు గానీ, ఇద్దరికీ ఏడులోనే ఉంటే దోషానికి దోషం చెల్లు. మీరు రాయించిన టైముతో ఈ అబ్బాయికీ, అసలు టైముతో ఈ అమ్మాయికీ పొంతన చూసుంటేనే తప్పయ్యేది. తాంబూలాలు పట్రండి."

తలుపు చాటు కొంగు గబగబా వంటింట్లోకి పరిగెత్తింది. వీరవేణమ్మ గారు చాలా చెప్పాలనుకుని, కొడుకు మొహం చూసి, ఒక్క ముక్కతో సరిపెట్టింది: "మంచిది."

అరటి చెట్లు ఎలాగూ పాతారు గనక అలాగే ఉంచేశారు. ఎదురింటి వాళ్ళు రెండో అట్టు కూడా తిన్నారు. ఎంతైనా మగపెళ్ళివారు కదా, తమ దోషం అవతలి దోషం కంటే మూడేళ్ళు పెద్దదని చిన్నమ్మాయి గారు కారెక్కేదాకా అంటూనే ఉన్నారు.